నేమ్‌ప్లేట్ మీద 14.5, రిలే మీద 8.4

నెల్లూరు జిల్లా తీరంలో, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు, రొయ్యల గుంటలకు కాలవ నీళ్లు తోడే మోటారు కాలిందంటే అందరి నోటా ఒకే మాట వస్తుంది: "లోడు ఎక్కువైంది, కాలిపోయింది." వైండింగ్ షాపులో మూత విప్పి చూస్తే చాలాసార్లు వేరే కథ కనిపిస్తుంది. లోడు ఎక్కువై కాలిన మోటారులో కాయిళ్లన్నీ ఒకేలా నల్లబడతాయి. అలా కాకుండా స్టేటర్‌లో ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రమే కాయిళ్లు మాడి, మిగతావి రాగి రంగు చెడకుండా ఉన్నాయంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయి, ఆ మోటారు రెండు ఫేజుల మీద తిరిగి కాలిందన్నమాట. ఇది నిమిషానికి 2,900 చుట్లు తిరిగే రెండు పోళ్ల మోటారుకు వర్తించే లెక్క. 1,440 చుట్ల మోటారైతే మాడిన చోట్లు నాలుగు ఉంటాయి. డెల్టాలో, అంటే మూడు వైండింగ్‌లను కొసకు కొస కలిపి త్రికోణంలా కట్టినప్పుడు, తిరిగే మోటారులో మూడు ఫేజుల కాయిళ్లలో ఒక ఫేజు మాడుతుంది, రెండు మిగులుతాయి. మూడు వైండింగ్‌ల చివర్లూ ఒకే చోట కలిసే స్టార్‌లో తిరిగే చిన్న మోటారులో దీనికి తలకిందులు, రెండు మాడి ఒకటి మిగులుతుంది. కాలిన కారణం కాయిళ్ల మీదే కనిపిస్తుంది కాబట్టి, రీవైండింగ్‌కు ఇచ్చేటప్పుడు పాత కాయిళ్లు కోసి పారేయకముందే ఒక ఫోటో తీసి పెట్టుకోవడం మేలు.

మోటారుకు ఫ్యూజు ఉంది, కరెంటు హద్దు దాటితే మోటారును ఆపే రిలే ఉంది. మరి ఒక ఫేజు పోతే ఈ రెండూ ఏం చేస్తున్నట్టు? దీనికి జవాబు లెక్క వేస్తేనే తెలుస్తుంది. గుంట గట్టు మీద 10 హెచ్‌పీ మోనోబ్లాక్ ఒకటి ఉందనుకుందాం. నేమ్‌ప్లేట్ మీద 415 వోల్టులు, 14.5 ఆంపియర్లు అని ఉంది. మోటారును స్టార్‌లో మొదలుపెట్టి తర్వాత డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టరు, దాని ముందు 25 ఆంపియర్ల హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులు మూడు. బిగించిన వాళ్లు నేమ్‌ప్లేట్ చూసి ఓవర్‌లోడ్ రిలే డయల్‌ను 14 దగ్గర పెట్టారు. చూడటానికి తప్పేమీ కనిపించదు. కానీ ఈ మోటారుకు రక్షణ లేదు.

స్టార్-డెల్టా స్టార్టర్లలో రిలే సాధారణంగా మోటారుకు కరెంటు కలిపే మెయిన్ కాంటాక్టర్ కిందే తగిలి ఉంటుంది. దాని నుంచి బయల్దేరే మూడు వైర్లు నేరుగా మోటారులోని మూడు వైండింగ్‌ల మొదళ్లకు పోతాయి. వైండింగ్‌ల చివర్లు డెల్టా కాంటాక్టర్ నుంచి వస్తాయి, దానికి కరెంటు రిలేతో సంబంధం లేకుండా మరో దారిలో అందుతుంది. అంటే రిలే గుండా పారేది లైను కరెంటు కాదు, ఒక్కో వైండింగ్ కరెంటు. డెల్టాలో వైండింగ్ కరెంటు లైను కరెంటులో 0.58 వంతు. 14.5 × 0.58 = 8.4. మోటారు పూర్తి లోడు మీద తిరుగుతున్నా రిలేకు తెలిసేది 8.4 ఆంపియర్లే. డయల్ 14 దగ్గర ఉందంటే, లైను కరెంటు 24 దాటితే తప్ప రిలే కదలనవసరం లేదని చెప్పినట్టే.

ఇప్పుడు మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోయిందనుకుందాం. పంపు ఆగదు. అదే నీటిని రెండు ఫేజుల మీద తోడాలి కాబట్టి మిగిలిన రెండు లైన్లలో కరెంటు సుమారు 1.73 రెట్లు పెరుగుతుంది. నిజానికి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, లెక్కకు 25 ఆంపియర్లు అనుకుందాం. ఈ 25 మోటారు లోపల సమానంగా పంచుకోదు. బతికున్న రెండు లైన్ల మధ్య నేరుగా ఉన్న వైండింగ్ ఒకటి. మిగతా రెండు వైండింగ్‌లూ వరసలో కలిసి దానికి పక్కదారి అవుతాయి. నేరుగా ఉన్నదానికి మూడింట రెండు వంతులు, అంటే 16.7 ఆంపియర్లు పడుతుంది. పక్కదారిలో ఉన్న రెండింట్లో 8.3 చొప్పున పారుతుంది, అది వాటి మామూలు కరెంటే. అందుకే అవి మాడవు. మొదటిది తన హద్దుకు రెట్టింపు మోస్తోంది, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ వేడి నాలుగింతలు. స్టేటర్‌లో కనిపించిన నల్ల కాయిళ్లు ఆ వైండింగ్‌వే.

ఫ్యూజు సంగతి చూస్తే, 25 ఆంపియర్ల ఫ్యూజులో 25 ఆంపియర్లు పారుతోంది. దానికది మామూలే, రోజంతా మోస్తుంది. రిలే సంగతి: 14 దగ్గర పెట్టిన డయల్‌కు 16.7 అంటే 1.19 రెట్లు. థర్మల్ రిలేల ప్రమాణం ప్రకారం సెట్టింగ్‌కు 1.05 రెట్ల కరెంటు దగ్గర రిలే రెండు గంటలైనా ట్రిప్ కాకూడదు. 1.2 రెట్ల దగ్గర రెండు గంటల లోపు ట్రిప్ అవ్వాలి. కాబట్టి 1.19 దగ్గర ఈ రిలే గంట తర్వాత ట్రిప్ అయినా, అసలు కాకపోయినా దాని తప్పు లేదు. నాలుగింతల వేడిలో ఉన్న వైండింగ్ అంతసేపు ఆగదు. అదే డయల్ 8.4 దగ్గర ఉంటే 16.7 అంటే రెండు రెట్లు. అప్పటికే వేడెక్కి ఉన్న రిలే ఒకటి రెండు నిమిషాల్లోనే మోటారును ఆపేస్తుంది. అదే మోటారు, అదే రిలే, డయల్ స్థానం ఒక్కటే మారింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "మొన్న ఒక ఫేజు లేనప్పుడు స్టార్ట్ చేస్తే రిలే ట్రిప్ అయిందిగా, బాగానే పనిచేస్తోంది" అనే ధైర్యం చాలామందిలో ఉంటుంది. ఆగి ఉన్న మోటారుకు రెండు ఫేజులే ఇస్తే అది తిరగదు, గుయ్యిమని శబ్దం చేస్తూ నిలబడిపోతుంది. టైమరు దాన్ని పట్టించుకోకుండా డెల్టాకు మార్చేస్తుంది. అప్పుడు లైనులో 80 ఆంపియర్ల వరకు, ఒక వైండింగ్‌లో 50 పైన పారుతుంది. 14 దగ్గర తప్పుగా పెట్టిన రిలేకు కూడా అది మూడున్నర, నాలుగు రెట్లు, కొన్ని సెకన్లలో ట్రిప్ కాక తప్పదు. అంటే ఆ పరీక్షతో రిలే చచ్చిపోలేదని తెలుస్తుంది, సెట్టింగ్ సరైందో కాదో తెలియదు. మోటారు కాలేది ఎక్కువగా తిరుగుతుండగా ఫేజు పోయినప్పుడే.

తిరుగుతుండగా పోయిన ఫేజును గుర్తుపట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. తిరిగే మోటారు పోయిన ఫేజు కొస దగ్గర తానే వోల్టేజీ పుట్టిస్తుంది, అది మామూలు వోల్టేజీకి దగ్గరగానే ఉంటుంది. స్టార్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెడితే మూడూ వెలుగుతాయి, వోల్ట్‌మీటర్ కాస్త తేడా చూపిస్తుంది అంతే. కాంటాక్టర్ కాయిల్ రెండు ఫేజుల మధ్య ఉంటుంది కాబట్టి మూడో ఫేజు పోతే దానికి తెలియనే తెలియదు. కాయిల్‌కు వచ్చే ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు పుట్టించే వోల్టేజీ కాంటాక్టర్‌ను పడిపోకుండా పట్టుకోవచ్చు. ఒక ఫేజు పోతే మోటారును ఆపడానికి పెట్టే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్లలో, వోల్టేజీని మాత్రమే చూసే చవక రకాలు కొన్ని ఇక్కడే మోసపోతాయి. మూడు లైన్ల కరెంటును చూసే రకం మోసపోదు. ప్రివెంటర్ కొనేటప్పుడు పెట్టెలోపల వైర్లు దూరే చుట్టలు, అంటే సీటీలు, ఉన్నాయో లేవో చూస్తే అది ఏ రకమో తెలిసిపోతుంది. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ అయితే అబద్ధం ఆడదు. ఒక లైనులో సున్నా, రెండింట్లో 25 ఉంటే ఇంకేం చూడనక్కర్లేదు, ఆపేయాలి.

ఫేజు ఎక్కడ పోయిందో తెలుసుకోవాలంటే మోటార్లన్నీ ఆపాక చూడాలి. ఒక ఫేజుకు న్యూట్రల్‌తో ల్యాంప్ అసలు వెలగకపోతే తెగింది తక్కువ వోల్టేజీ వైపు: ఫ్యూజు, జంపరు, లేదా స్టార్టర్ ముందు ఎక్కడో వదులు. ఒక ఫేజు నిండుగా వెలిగి, రెండు సగం వెలుగుతో మసకబారితే ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ వైపు ఒక ఫ్యూజు పోయింది. అది లైన్‌మన్ పని, గట్టు మీది వాళ్లు చెయ్యి పెట్టేది కాదు. మూడూ బాగానే ఉండి మోటారులో మాత్రం తేడా ఉంటే తప్పు స్టార్టర్ లోపలే. సముద్రపు ఉప్పు గాలి తగిలే చోట ఇది మరీ ఎక్కువ. ఫ్యూజు పట్టే ఇత్తడి దవడలు పచ్చగా పాచి పట్టినట్టవుతాయి, కాంటాక్టర్ మొనలు గుంటలు పడతాయి, స్క్రూ బిగువు తగ్గుతుంది. మూడు ఫ్యూజుల్లో ఒకటి చేత్తో తాకరానంత వేడిగా ఉంటే రాబోయే సింగిల్ ఫేజింగ్ అక్కడి నుంచే. ఆ వేడి కూడా మెయిన్ స్విచ్ ఆపాకే చూసుకోవాలి.

ఇక సెట్టింగ్ సరిచేయడం. ముందు రిలే నిజంగా వైండింగ్ దారిలోనే ఉందో లేదో చూడాలి, ఎందుకంటే కొన్ని స్టార్టర్లలో రిలే లైను దారిలో ఉంటుంది, కొన్నిటి డయల్ మీద అంకెలే లైను కరెంటు లెక్కన ముద్రిస్తారు. మోటారు డెల్టాలోకి వచ్చాక టాంగ్ టెస్టర్‌ను స్టార్టర్‌లోకి వచ్చే ఒక లైను మీద, తర్వాత రిలే నుంచి బయటికి పోయే ఒక వైరు మీద పెట్టి చూడాలి. మొదటిది 14, రెండోది 8 చూపిస్తే రిలే వైండింగ్ దారిలో ఉంది, డయల్ 8.4. రెండూ 14 చూపిస్తే రిలే లైనులో ఉంది, డయల్ 14.5. డయల్ మీద అంకెలు ఏ కరెంటువో స్టార్టర్ తలుపు లోపలి చీటీ మీద ఉంటుంది. వైండింగ్ దారిలో ఉండి కూడా రిలే రేంజి 9 నుంచి 15 అయితే డయల్‌ను ఎంత కిందికి తిప్పినా 8.4 దొరకదు. 6 నుంచి 10 రేంజి రిలే మార్చాల్సిందే. కొత్త మోటారు ధరతో పోలిస్తే ఆ ఖర్చు పెద్దది కాదు.

నేమ్‌ప్లేట్ అంకె పై హద్దు మాత్రమే. పంపు నిజంగా లాగేది 12 ఆంపియర్లే అయితే డయల్‌ను 7.5 దగ్గరికి దించితే రక్షణ ఇంకా గట్టిపడుతుంది. తక్కువ లోడు మీద ఫేజు పోయినప్పుడు కరెంటు పెరిగినా పూర్తి లోడు మీద పెరిగినంత ఉండదు కాబట్టి ఈ తగ్గింపు పనికొస్తుంది. పైకి మాత్రం 8.4 దాటించకూడదు. దాటించాలనిపించే సందర్భాలు రెండు వస్తాయి. లైను చివరన వోల్టేజీ 360కి పడిపోయినప్పుడు అదే పంపు 16, 17 ఆంపియర్లు లాగుతుంది, రిలే ట్రిప్ అవుతుంది. అప్పుడు రిలే చెబుతున్నది నిజమే, మోటారు వేడెక్కుతోంది. రెండోది మే నెల. గట్టు మీద నీడ లేని రేకు పెట్టెలో రిలే చుట్టూ గాలి 60 డిగ్రీలకు చేరితే, బయటి వేడిని సర్దుకునే రిలే కూడా తొందరపడుతుంది. దానికి మందు పెట్టె మీద ఒక తాటాకు పందిరి, డయల్ కాదు.

రీసెట్ బటన్‌ను ఆటోలో వదలడం మరో చెడ్డ అలవాటు. కరెంటు రాగానే దానంతటదే స్టార్ట్ అయ్యే ఆటో స్విచ్ కూడా ఉంటే, రెండు ఫేజులు వచ్చిన రాత్రి మోటారు గుయ్యిమని నిలబడుతుంది, రిలే ట్రిప్ అవుతుంది, చల్లారి తనే కలుస్తుంది, మోటారు మళ్లీ గుయ్యిమంటుంది. మనిషి వచ్చేసరికి వైండింగ్ మిగలదు. రిలేను మాన్యువల్‌లో పెట్టి, ట్రిప్ అయితే మనిషి వెళ్లి చూసేలా ఉంచాలి. రొయ్యల గుంట మీద నిద్ర మానుకుని వెళ్లడం ఎంత టెన్షనో తెలిసిందే, అయినా ఇది తప్పదు.

ఇప్పుడు ఫ్యూజు. దాని పని షార్ట్ సర్క్యూట్ ఒక్కటే, ఓవర్‌లోడ్ చూసుకోవడం రిలే పని. ఈ తేడా మరిచిపోయి "14.5 ఆంపియర్ల మోటారు కదా, 16 వేస్తే భద్రం" అనుకుంటే ఆ భద్రమే మోటారును కాలుస్తుంది. స్టార్-డెల్టాలో స్టార్టింగ్ కరెంటు సుమారు రెండు రెట్లు, స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణంలో ఇంకా పెద్ద కుదుపు. 16 ఆంపియర్ల ఫ్యూజు ప్రతి స్టార్ట్‌కూ లోపల కొంచెం కొంచెం అలిసిపోతుంది. మూడు ఫ్యూజులూ ఒకేలా అలవవు. ఏదో ఒక రోజు ఒకటి ముందు పోతుంది, మిగతా రెండు నిలబడతాయి, అదే సింగిల్ ఫేజింగ్. కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో చేతికొచ్చిన రాగి పోగులు ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో మూడు చుట్టినా ఇదే జరుగుతుంది. స్టార్-డెల్టాకు నేమ్‌ప్లేట్ కరెంటుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, నేరుగా స్టార్ట్ చేసే డీఓఎల్ స్టార్టర్‌కు రెండు నుంచి రెండున్నర రెట్లు లెక్కన హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు వేయాలి. ఇక్కడి మోటారుకు 25 ఆ లెక్కలోనే వచ్చింది. ఒకటి పోతే మూడూ మార్చడం మంచిది, మిగతా రెండూ సగం అలిసినవే.

ఫ్యూజు బదులు ఎం.సి.బి. పెట్టేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. మూడు పోళ్ల ఎం.సి.బి. పడితే మూడు ఫేజులూ కలిసే పడతాయి, అది పెద్ద లాభం. కానీ 32 ఆంపియర్ల ఎం.సి.బి. 46 ఆంపియర్లు పారినా గంట వరకు ఓపిక పట్టవచ్చు, కాబట్టి మోటారుకు అది రిలే కాదు. లైను వైపు పోయిన ఫేజును కూడా అది పట్టుకోదు, 25 ఆంపియర్లు దానికి లెక్కలోకే రాదు. రేటింగ్ తగ్గిస్తే ఇంకో గొడవ. సి కర్వ్ ఎం.సి.బి. తన రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్ల మధ్య వెంటనే పడుతుంది. డీఓఎల్‌లో ఈ మోటారు స్టార్టింగ్‌లో 90 ఆంపియర్ల పైన లాగుతుంది, 16 ఆంపియర్ల సి కర్వ్ 80 నుంచే పడొచ్చు. అందుకే 32 వేస్తారు, లేదా 10 నుంచి 20 రెట్ల దగ్గర పడే డి కర్వ్ తెస్తారు.

డి కర్వ్ తెచ్చేముందు లైను పొడవు చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గట్టు 500 మీటర్ల దూరం, మధ్యలో 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ అనుకుందాం. కిలోమీటరుకు 1.91 ఓమ్‌లు, కాబట్టి అర కిలోమీటరుకు ఒక వైరు 0.95, రెండు వైర్లకు 1.9. మోటారు దగ్గర రెండు ఫేజులు తాకుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి 433 వోల్టులు ÷ 1.9, సుమారు 228 ఆంపియర్లు మాత్రమే పారుతుంది. డి కర్వ్ 32 వెంటనే పడాలంటే 320 కావాలి, ఒక్కోటి 640 దాకా అడగొచ్చు. అంటే షార్ట్ అయినా కేబుల్ కొన్ని సెకన్లపాటు కాలుతూనే ఉంటుంది. సి కర్వ్ 32 కూడా 160 నుంచి 320 మధ్య ఎక్కడైనా పడొచ్చు, గ్యారంటీ లేదు. 25 ఆంపియర్ల హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు అయితే అదే 228 దగ్గర సెకనులో చిన్న భాగంలో తెగుతుంది. కాబట్టి లైను దూరమైన చోట ఫ్యూజుతోపాటు కరెంటును చూసే ప్రివెంటర్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉన్న చోట మూడు పోళ్ల బ్రేకర్ పెట్టడం సబబు. మోటారు కోసమే తయారయ్యే బ్రేకర్లు, ఎంపీసీబీలు, డయల్‌తో వస్తాయి. అవి లైనులో ఉంటాయి కాబట్టి స్టార్-డెల్టా అయినా వాటికి 14.5 పెట్టాలి, 8.4 పెడితే మోటారు మామూలు లోడు మీద తిరుగుతున్నా పడిపోతాయి.

రిలే ఒక్కటి ఎన్ని మోటార్లను కాయగలదన్నది గుంట నీటికి గాలి కలిపే ఏరేటర్ల దగ్గర తేలుతుంది. 2 హెచ్‌పీ ఏరేటర్లు నాలుగు కలిపి ఒక స్టార్టర్ మీద నడుపుతారు. ఒక్కోటి 3.2 చొప్పున మొత్తం 12.8, రిలే 13 దగ్గర. ఒక ఏరేటర్ గేర్‌బాక్స్ బిగుసుకుని 5 ఆంపియర్లు లాగినా మొత్తం 14.6 అవుతుంది, అది 1.12 రెట్లు. రిలే దాన్ని లెక్కచేయకపోవచ్చు. ఆ ఒక్క మోటారు మాత్రం తన హద్దుకు ఒకటిన్నర రెట్లు మోస్తూ నెమ్మదిగా కాలుతుంది, దాని కాయిళ్లు అన్నీ సమానంగా నల్లబడతాయి. ఒక్కో ఏరేటర్‌కు 2.5 నుంచి 4 రేంజి చిన్న రిలే విడిగా పెట్టి, నాలుగింటి ట్రిప్ కాంటాక్టులనూ కాంటాక్టర్ కాయిల్ దారిలో వరసగా కలిపితే, ఏ ఒక్కటి బిగుసుకున్నా స్టార్టర్ పడిపోతుంది.